తొడ మీద చెయ్యి

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను ఫిజియోథెరపీలో చేరితే మా బాపు "కాళ్లు పిసికే చదువేందిరా" అన్నాడు. ఒకసారి పరీక్ష తప్పాను. మళ్లీ తప్పితే తన దఫ్తర్‌లో నకళ్లు రాసే పనిలో కూర్చోబెడతానని తేల్చేశాడు. అంతకంటే ఉరి నయం అనిపించింది నాకు.

అందుకని నేనూ నా దోస్తూ శాలిబండ నుంచి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దాకా నడుస్తూనే చదివేవాళ్లం. వంతులవారీగా ఒకడు కుంటాలి, రెండోవాడు ఏ కండరం బలహీనమో చెప్పాలి. నయాపూల్ మీద పండ్లమ్మే ముసలాయన "హాయ్ అల్లా, దోనోంకు క్యా హుఆ బేటా?" అని ఇద్దరి మీదా జాలిపడి చెరో జామకాయ ఇచ్చాడు. సిగ్గు లేకుండా తిన్నాం.

పరీక్షకు ముందురోజు మా సారు వార్డులోనే రిహార్సల్ పెట్టాడు. అందులో తప్పితే పరీక్షకు పంపడు. నా వంతు వచ్చింది. పైజామా తొడుక్కున్న రోగి ఒకాయన కుడికాలు గుర్రంలా ఎత్తెత్తి వేస్తూ, కుడిచెయ్యి తొడకు అదిమిపట్టి నడిచాడు.

"చూసినవ్ కదా? తొడ ముందు కండరం పోయింది. మోకాలు మడత పడకుండ చేత్తో నొక్కుతున్నడు. బలం సున్న నుంచి అయిదుల ఎంతో గ్రేడు చెప్పు," అన్నాడు సారు.

బల్ల అంచున కూర్చోబెట్టి కాలు చాపమన్నాను. చాపాడు. బలమంతా పెట్టి కిందికి నొక్కాను. నేనే ఊగాను గానీ ఆ కాలు కదల్లేదు. నిక్షేపంలా అయిదు! పాదం మాత్రం వేలాడుతోంది. చీలమండ నేను కదిపితే పూర్తిగా తిరుగుతోంది, కీలు కోణం కొలిచే గోనియోమీటరు కూడా అదే చెప్పింది. ఆయన్ను ఎత్తమంటే లేవలేదు. పక్కకు తిప్పి పడుకోబెడితే, తన బరువు తను ఎత్తే పని లేక, పాదం మోకాలి వైపుకు పూర్తిగా వచ్చింది. అంటే రెండు.

సారు మాటకు ఎదురు చెబితే నకళ్లు రాయడమే గతి. అయినా చెప్పేశాను.

"తొడ అయిదు సార్. పాదం ఎత్తే కండరం రెండు. చెయ్యి ఎందుకు పెట్టిండో నాకు సమజైతలేదు."

సారు వచ్చి తనే నొక్కి చూశాడు. ఆయనా ఊగాడు.

"చెయ్యి తీసి నడువ్," అన్నాడు రోగితో.

"నై సాబ్!"

"ఎందుకు?"

రోగి తల వంచుకుని మెల్లగా చెప్పాడు. "నాడా టూట్ గయా సాబ్. ఛోడేతో ఇజ్జత్ జాతీ."

మొదట నవ్వింది నర్సమ్మ. తర్వాత సారు గోడకానుకుని కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. కట్టుగుడ్డ ముక్క తెప్పించి, తెగిన బొందుకు బదులు దాన్ని పైజామాకు తనే ముడి వేశాడు. ఈసారి రోగి రెండు చేతులూ ఊపుకుంటూ, కాలు ఎత్తెత్తి, దర్జాగా నడిచాడు.

"రేపు పొద్దుగాల రా," అన్నాడు సారు నాతో. "నేను చెప్పింది గాదు, నీ చేతికి దొరికింది చెప్పు. గట్లనే చెప్పు."

ఇంటికి వెళ్లి బాపుకు ఈ సంగతి చెప్పబోయాను. నాడా దగ్గరికి వచ్చేసరికి నవ్వాగక ఆపేశాను. నాలుగుసార్లు మొదలుపెట్టి పూర్తిచేసేసరికి ఆయనా మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "సార్‌కే ఎదురు చెప్పినవా? ఇగ మా దఫ్తర్‌కు నువ్వు పనికిరావ్ పో," అన్నాడు.