ఎర్రసిరాతో కొట్టేసిన రీడింగు

బెజవాడ పాలిటెక్నిక్ ల్యాబులో రికార్డులు దిద్దీ దిద్దీ విసుగెత్తిన రోజులవి. ట్రాన్స్‌ఫార్మర్ ఈక్వివలెంట్ సర్క్యూట్ ప్రయోగానికి అందరూ సీనియర్ల అంకెలే ఎక్కించేవారు. ఒకమ్మాయి మాత్రం ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ పరీక్షలు రెండూ తనే చేసింది. ఓపెన్ సర్క్యూట్ అంకెలు పాతవాటితో కలిశాయి. షార్ట్ సర్క్యూట్‌లో అదే కరెంటుకి వాట్లు పెరిగాయి, దాంతో రెసిస్టెన్సూ పెరిగింది.

"మీటరు చూడ్డం కూడా రాదా?" అని ఎర్రసిరాతో ఆ రీడింగు కొట్టేశాను.

మనసు ఊరుకోక మర్నాడు నేనే చేశాను. ఆమెదే నిజం. వేసవిలో రిపేరుకిస్తే పటమట మెకానిక్ ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్‌ని సన్నతీగతో చుట్టాడట, తీగ సన్నబడితే రెసిస్టెన్సు పెరుగుతుంది. కోరు పాతదే, చుట్లూ అన్నే. అందుకే ఓపెన్ సర్క్యూట్‌లో తేడా రాలేదు.

ఆమెని పిలిచి రికార్డు తెమ్మన్నాను.

"దిద్దేశానండీ, ఇప్పుడు అందరిలాగే వచ్చింది" అంటూ సంతకానికి పెన్ను అందించింది.