కొర్రీల మేడమ్

బ్యాంకులో కొత్త ఖాతాల కాగితాలు చూసే ఆవిడకు "కొర్రీల మేడమ్" అని పేరు. ఏ దరఖాస్తునూ కొర్రీ వెయ్యకుండా వదలదని తోటివాళ్లు ఏడిపిస్తే, నవ్వేసి మళ్లీ కళ్లద్దాలు సర్దుకునేది.

ఒకరోజు ఓ తాతగారు ఏడేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని, ఆమె పేరున ఖాతాకు కాగితాలు తెచ్చారు. జనన ధ్రువపత్రంలో పుట్టిన తేదీ సరిపోయింది. దరఖాస్తులో తండ్రి పేరు ముందు 'కీర్తిశేషులు' అని ఉంది. సంరక్షకుడి చోట తాతగారి పేరు, 'పాపతో సంబంధం' అన్న గడిలో 'ప్రాణం' అని ఉన్నాయి.

మేడమ్‌కి నవ్వు ఆగలేదు. "బాబాయిగారూ, ఇక్కడ తాతయ్య అని రాయాలండీ!"

"తాతయ్యలు అందరికీ ఉంటారు కదమ్మా."

"అయినా మీ పేరు కుదరదండీ. నాన్న లేరు కాబట్టి అమ్మే సంరక్షకురాలు. కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప ఇంకొకరి పేరు రాయకూడదు."

ఆయన మొహం చిన్నబోయింది. "మావాడు పోయాక దీనికోసం ఇదైనా చేద్దామనుకున్నా. అయితే ఇందులో నాకు పనే లేదా?"

మేడమ్ కొత్త దరఖాస్తు తీసి ఆయన చేతిలో పెట్టింది. "పాపకు పద్దెనిమిది నిండేదాకా డబ్బు తియ్యాలంటే మీ కోడలి సంతకం కావాలి. వెయ్యడానికి మాత్రం మీరెప్పుడైనా రావొచ్చు."

"తియ్యడం నాకెందుకమ్మా, వెయ్యడమేగా నా పని! రేపే కోడల్ని తీసుకొస్తా."

"మరి ఈ పాతది చింపెయ్యనా?"

పాప చటుక్కున లాక్కుంది. "వద్దాంటీ! తాతయ్య కరెక్టుగానే రాశాడు."

ఆ మాటకు మాత్రం మేడమ్ కొర్రీ వెయ్యలేదు.