గడప దగ్గర ఆపే మేడమ్

ఆవిడ అసలు పేరు టైమ్‌టేబుల్ కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఎమ్మే సాహిత్యం పిల్లలందరికీ ఆవిడ గడప మేడమ్. కొత్త నవల మొదలుపెట్టిన రోజు ఎవరైనా ఉత్సాహంగా మొదటి పేజీ తెరిస్తే చాలు, "అప్పుడే ఇంట్లోకి దూరిపోయావా తల్లీ? గడప దగ్గర కాసేపు నిలబడు. నిన్ను చూసి ఏదో చెప్పాలనుకుంటున్నారు, విను," అనేది. గడప అంటే ఆవిడ లెక్కలో పుస్తకం పేరు, అంకితం, కథకు ముందు రచయిత ఎక్కడి నుంచో తెచ్చి పెట్టుకున్న వాక్యం. వాటికే నాలుగు క్లాసులు తీసుకునేది. ఆ తర్వాతే మొదటి పేజీ జోలికి పోనిచ్చేది.

ఆ పిచ్చి చిన్నప్పుడే పట్టుకుందని ఆవిడే నవ్వుతూ చెప్పేది. వాళ్లమ్మ కొట్లో పప్పులూ చక్కెరా పాత పుస్తకాల కాగితాల్లో పొట్లాలు కట్టేవారు. తినే సరుకుకు సిరా అంటకూడదని, అచ్చు తక్కువగా ఉండే ముందు పేజీలనే మొదట చింపేది తల్లి. కూతురు వాటిని దొంగతనంగా దాచుకునేది.

"అందులో ఏముందే నీ మొహం? నాలుగు ముక్కలు!" అని తల్లి కసిరితే, "ఆ నాలుగు ముక్కలకే ఇంత తెల్ల కాగితం వదిలారంటే ఏదో ఉంటుందమ్మా," అనేదట.

అలా కథలు లేని పేర్లూ, ఎవరివో తెలియని అంకితాలూ రేకుపెట్టె నిండా పోగయ్యాయి. లోపల ఏం జరిగి ఉంటుందా అని ఊహించుకుంటూ పెరిగిన పిల్ల, పెద్దయ్యాక ఆ పనే ఉద్యోగంగా చేసుకుంది.

ఆ క్లాసులో చివరి బెంచీ మీద కూర్చునే ఒకమ్మాయికి గడప మేడమ్ అంటే ప్రాణం. ఎవరికీ వినపడకుండా మాట్లాడుతుందని స్నేహితులు ఆ అమ్మాయిని గొణుగుడు అని పిలిచేవారు. మేడమ్ పాఠం చెప్తుంటే గొణుగుడు రాసుకోవడం కూడా మరిచిపోయేది.

ఈ ఏడు ఆ నాలుగు క్లాసులకు గండం వచ్చింది. "పరీక్షలో ప్రశ్న మొదటి పేజీ మీద వస్తుంది, అట్ట మీద రాదు," అని డిపార్ట్‌మెంట్ హెడ్ సారు వాటిని తీసేద్దామన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. "ఒక్కసారి వచ్చి వినండి సార్. ఆ తర్వాత మీ ఇష్టం," అంది. శుక్రవారం వస్తానన్నారాయన.

గురువారం సాయంత్రం గొణుగుడు బావ, అంటే అక్క మొగుడు, చేతిలో ఒక చివికిపోయిన పుస్తకంతో వచ్చాడు.

"ఇదిగో మరదలా, పాత పుస్తకాల బండి మీద నీ పాఠం దొరికింది. చెదలు తినగా మిగిలింది నీకు."

"థాంక్స్ బావా."

"ఏంటీ? కాస్త గట్టిగా అంటే నీ సొమ్మేం పోదు."

అది రేపు క్లాసులో మొదలుపెట్టబోయే నవలే, 'మూడో కంచం'. మేడమ్ నేర్పిన అలవాటు కొద్దీ గొణుగుడు అట్ట నుంచి మొదలుపెట్టింది. మొదటి ముద్రణ. అంకితం దగ్గర ఆగిపోయింది. కాలేజీలో అందరి దగ్గరా ఉన్నది రెండో ముద్రణ. అందులో "అన్నయ్య జ్ఞాపకానికి" అని ఉంటుంది. ఇందులో వేరేగా ఉంది:

"అన్నయ్యకు, తిరిగి వచ్చాక చదువుకోవడానికి."

ఆమె ఆ వాక్యం మళ్లీ చదివింది. సీనియర్ల నోట్సు చూస్తే, మేడమ్ ఏళ్ల తరబడి ఆ మొదటి పేజీని పోయినవాడి కోసం ఏడుపుగానే చెప్తూ వచ్చింది. ఇప్పుడీ మాట బయటపెడితే హెడ్ సారు ముందే ఆవిడ పాఠం తలకిందులవుతుంది. క్లాసులూ పోతాయి. పెట్టకపోతే మేడమ్ నేర్పినదాన్నే తను దాచిపెట్టినట్టు.

శుక్రవారం హెడ్ సారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు. మేడమ్ బోర్డు మీద ముందుగా నవల మొదటి వాక్యం ఒక్కటే రాసింది: "వాన వెలిసిన పొద్దున అమ్మ కంచాలు కడిగి వరసగా పెట్టింది."

"ఇంతే ఉందనుకోండి. ఏం కనిపిస్తోంది?"

"మామూలు ఇల్లు మేడమ్. ప్రశాంతంగా ఉంది," అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"ఆకలేస్తోంది మేడమ్," అన్నాడు వాడి పక్కవాడు. అందరూ నవ్వారు.

"ఇప్పుడు పేరు." వాక్యం పైన 'మూడో కంచం' అని రాసింది. "మొదటి పేజీలో మనుషులెందరు?"

"అమ్మా, కథ చెప్పే కొడుకూ. ఇద్దరే!"

"మరి మూడోది ఎవరికి? పేరు లేకపోతే మనం కంచాలు లెక్కపెట్టేవాళ్లమా?" అని, కథకు ముందున్న వాక్యం కూడా రాసింది. అది రేవు దగ్గరి బోర్డు మీది మాట: "వాన పడితే పడవ నడవదు."

అందరూ తమ పుస్తకాల్లో వెతికారు. కథ మొదటి పేజీలో ఏరు లేదు, పడవ లేదు. ఉన్నది వాన ఒక్కటే.

"ఇక అంకితం. అన్నయ్య జ్ఞాపకానికి. వాన వెలిసింది, పడవలు నడుస్తాయి, అయినా రావలసినవాడు రాడు. కంచం మాత్రం..."

"మేడమ్." గొణుగుడు లేచి నిలబడింది.

"గట్టిగా తల్లీ."

"నా దగ్గర మొదటి ముద్రణ ఉంది మేడమ్. అంకితం... ఇలా లేదు."

పుస్తకం చేతులు మారుతూ ముందుకు వెళ్లింది. మేడమ్ కళ్లజోడు సవరించుకుని ఒకసారి చదివింది. ముద్రణ వివరాలున్న వెనక పేజీ తిప్పి చూసి, మళ్లీ చదివింది. హెడ్ సారు కుర్చీలో ముందుకు వంగారు. గొణుగుడికి పారిపోవాలనిపించింది.

మేడమ్ తల ఎత్తేసరికి మొహం వెలిగిపోతోంది, కొట్లో కాగితం దొరికిన పిల్లలాగే. తను రాసిన అంకితం పక్కనే రెండోదీ రాసింది.

"ఇన్నేళ్లూ నేను చెప్పింది సగమే. ఈ వాక్యం రాసినప్పుడు రచయిత ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు చదవండి. వాన వెలిసిన పొద్దున..."

"పడవ వస్తుంది!" అన్నాడు ఆకలేసినవాడు. "అందుకే కంచం పెట్టింది. ఆశ మేడమ్ అది!"

"అయితే కథలో అన్న బతికొస్తాడా?" అంది ఒకమ్మాయి.

"ఆగు ఆగు. అంకితంలో ఉన్నది రచయిత అన్న. కంచం ముందు లేనివాడు కథలో మనిషి. ఇద్దరినీ ఒకణ్ణి చేసెయ్యకు. గడప కథ చెప్పెయ్యదమ్మా, ఏ చప్పుడు వినాలో చెప్తుంది అంతే. నాకు తోచే ప్రశ్న ఇది: తర్వాత అంకితం మార్చినాయన మొదటి పేజీలో ఒక్క అక్షరం మార్చలేదు. ఎందుకు?"

పిల్లలు మళ్లీ మొదటి పేజీ తీశారు.

"బహుశా," అని గొణిగింది గొణుగుడు, తర్వాత గొంతు పెంచింది, "మార్చక్కర్లేకపోయింది మేడమ్. అంకితం మారితే అదే కంచం వేరేగా కనిపిస్తుంది కదా."

మేడమ్ సుద్దముక్క తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "నువ్వే రాయి తల్లీ బోర్డు మీద. నీ గడప ఇది."

ఆమె రాస్తుంటే వెనక నుంచి హెడ్ సారు గొంతు వినిపించింది. "ఆ పాత పుస్తకం ఒకసారి ఇటివ్వండి."

ఆయన మొదటి పేజీ తీయబోయి ఆగారు. అట్ట మూసి పేరు దగ్గర నుంచి మొదలుపెట్టారు. అంకితం మీద వేలు పెట్టి, పక్కనున్న కుర్రాణ్ణి అడిగి రెండో ముద్రణ తీసుకుని రెంటినీ ఒళ్లో పెట్టుకున్నారు. ఆయనింకా మొదటి పేజీకి రాకముందే బెల్లు మోగింది.

"ఇంకా లోపలికే వెళ్లలేదండీ," అన్నారాయన కాస్త సిగ్గుపడుతూ.

"నాలుగు క్లాసులు పడుతుంది సార్," అంది మేడమ్.

సోమవారం గోడకంటించిన టైమ్‌టేబుల్‌లో ఆ నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి.