పెద్ద అయాన్, పెద్ద గడి

కాశీవిశ్వనాథంగారు చిక్కడపల్లిలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నారాయణగూడలోని కాలేజీ దాకా దర్జాగా నడిచేవారు. ఇరవై ఏళ్ల ఫిజిక్స్ లెక్చరర్‌గిరీ మొత్తం పిండితే వచ్చేది ఒక్క పేజీ. అదైనా సొంతమా అంటే కాదు, ఎవరో పాత విద్యార్థి రాసిన ప్రాజెక్టు రిపోర్టులోని ‘డిస్కషన్’. సీరియం ఆక్సైడ్‌లో గెడోలినియం కలిపితే స్ఫటికంలో ఇటుకల్లా పేర్చినట్టుండే ఒక్కో గడి పొడవు పెరిగింది, చేరిన అయాన్ పెద్దది గనుక. అంతే! ఏటా పిల్లలు సమేరియం, లాంథనం అని పేరు మార్చి దించేవారు. అవీ పెద్దవే కాబట్టి పేజీ చెల్లిపోయేది. సారు చదవకుండా సంతకం గీకేసేవారు.

2011లో అశోక్‌నగర్ హాస్టల్ నుంచి వచ్చే రేణుక జిర్కోనియం కలిపింది. ఎక్స్‌రే కొలత గీసిన గ్రాఫులో మొదటి శిఖరాన్ని బట్టి గడి 5.42 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఏమీ కలపనిది 5.41.

“పెరిగిందిగా. పేజీ దించెయ్,” అన్నారాయన.

“జిర్కోనియం చిన్నది సార్. గడి తగ్గాలె. ఎక్స్‌రే పలక గుంటల నింపినప్పుడు పొడి అంచుకన్న కిందికి దిగింది. అందుకే శిఖరాలన్నీ తక్కువ కోణానికి జరిగి గడి పెద్దగ కనబడ్డది. పెద్ద కోణాల దగ్గర గా తప్పు తగ్గుతది. అన్ని శిఖరాలు లెక్కగట్టి గ్రాఫుల గీత పొడిగిస్తే 5.38 వస్తున్నది.”

“నీ తప్పు నువ్వే రాసుకుంటావా? హాస్టల్లో అందరిలా గ్రూప్స్‌కి చదువుకోక నీకెందుకమ్మా ఈ గోల? సంతకం కావాలా వద్దా?”

సంతకం లేకపోతే వైవా లేదు, వైవా లేకపోతే ఏడాది గోవింద. రేణుక ఆ పేజీనే దించి బైండు చేయించింది. సారుకు కడుపు చల్లబడింది.

వైవాకు బయటి నుంచి పరీక్షకురాలిగా వచ్చిన మనోరమగారు చదివే రకం, ఖర్మ!

“ఏమ్మా, జిర్కోనియం పెద్దదా, సీరియం పెద్దదా?”

“సీరియమే మేడం.”

“మరి ఇక్కడ తిరగేసి రాశావేం?”

పిల్ల నోరెత్తదులే అని కాశీవిశ్వనాథంగారు తాపీగా కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

“సారు గదే రాయమన్నరు మేడం. లేకుంటే సంతకం పెట్టనన్నరు. నేను రాసింది ఇది,” అని రేణుక సంచిలోంచి రెండు కాగితాలు తీసిచ్చింది.

మనోరమగారు గ్రాఫు దాకా ఓపిగ్గా చదివారు. మార్కుల షీటులో రేణుక పేరు ఎదుట తొంభై వేసి, ఆ కాగితాలు ఆయన ముందుకు తోశారు.

“రిపోర్టులో ఉండాల్సింది ఇదీ విశ్వనాథంగారూ. ఇదైనా చూడండి.”

ఆయన మొహం మాడిపోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? కాగితాలు అందుకుని, జేబులోంచి కలం తీసి, రేణుకవైపు తిరిగారు.

“ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?”