ఐ సార్లు అంటే ఎన్నిసార్లు

మా కాలేజీలో లెక్కలు చెప్పే పెద్దసారుకు రాని లెక్క లేదని కామారెడ్డి అంతా నమ్మేది. ఆయనా నమ్మేవాడు. నేను మాత్రం నమ్మలేదు, ఎందుకంటే స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ నాదే.

అది ప్రైవేటు జూనియర్ కాలేజీ. అసలు కాలేజీ కామారెడ్డిలో, దాని బ్రాంచి ఎల్లారెడ్డిలో. నేను లెక్కల మేడాన్ని. కామారెడ్డిలో ఉంటూ వారంలో సగం రోజులు బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లి చెప్పి వచ్చేదాన్ని. కింద ఎరువుల దుకాణం, పైన మా బ్రాంచి. కిటికీ తెరిస్తే యూరియా వాసన, మూస్తే ఉక్కపోత. బోర్డు మీద మాత్రం ఐఐటీ అన్న అక్షరాలు కాలేజీ పేరు కంటే పెద్దగా ఉండేవి. ఆ ఐఐటీ ఏ ఊళ్లో ఉంటుందో మా కరస్పాండెంటుకు తెలుసునని నేను అనుకోను.

ఎల్లారెడ్డి బ్రాంచికి ఆ ఏడు దసరా తర్వాత ఫిజిక్స్ సారే లేడు. ఉన్నాయన మానేస్తే ఇంకొకరిని పెట్టలేదు. కెమిస్ట్రీ సారుకు ఒక గైడు ఇచ్చి చదివి వినిపించమన్నారు. ఆయన పాపం విరామ చిహ్నాలతో సహా చదివి వినిపించేవాడు. కామారెడ్డిలో స్పెషల్ బ్యాచి అని ఒకటుండేది. హాస్టలు, పొద్దున నుంచి రాత్రి దాకా క్లాసులు, అన్నిటికీ మించి ఒక మంచి ఫిజిక్స్ సారు. ఎల్లారెడ్డి నుంచి పరీక్ష పెట్టి ఒక్కరిని ఆ బ్యాచిలోకి తీసుకుంటామని పెద్దసారు ప్రకటించాడు.

ఆ ఒక్క సీటు కోసం గట్టిగా పట్టుబట్టింది ఒక అమ్మాయి. తండ్రి దుబాయిలో, తల్లి బీడీలు చేస్తుంది, ఊరు ఎల్లారెడ్డికి ఆటో దూరం. ఇంజినీరింగులో చేరాలని ఆమె ఆశ. "లెక్కలు నేను ఎట్లనన్న చేస్త మేడం. ఫిజిక్స్‌కు సారు కావాలె" అని నాతో అనేది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. లెక్కల్లో ఆమెకు నేను కూడా పెద్దగా అవసరం లేదు.

ఒకరోజు క్లాసులో ఘాతాల గురించి మాట వచ్చింది. ఐ అనే కల్పిత సంఖ్య ఒకటుంటుందని, దాన్ని దానితోనే గుణిస్తే మైనస్ ఒకటి వస్తుందని అంతకు ముందు వారమే చెప్పి ఉన్నాను. రెండు పవర్ మూడు అంటే రెండును మూడుసార్లు వేసి గుణించడం అని అందరికీ బడిలోనే చెప్తారు. ఆమె లేచి నిలబడింది.

"మరి ఐ పవర్ ఐ అంటే ఐని ఐ సార్లు గుణించాల్నా మేడం? ఐ సార్లు అంటే ఎన్నిసార్లు?"

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ వాడొకడు "మనకు గింతమంది సార్లే ఎక్కువైండ్రు, ఇంక ఐ సార్లు గూడనా" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ ప్రశ్న బంగారం లాంటిది. నా ఉద్యోగంలో అలాంటి ప్రశ్న రావడం ఎంత అరుదో నాకు తెలుసు, అందుకని ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను.

ఐ సార్లు అన్న మాటకు అర్థం లేదని ముందు చెప్పాను. ఘాతం కల్పిత సంఖ్య అయినప్పుడు సార్లు లెక్కపెట్టడం మానేయాలి, లాగరిథమ్ దారిన పోవాలి. ఐతో గుణించడమంటే తొంభై డిగ్రీలు తిప్పడం. ఆ తిప్పడాన్నే e మీద ఘాతంగా రాయొచ్చు. తొంభై డిగ్రీలంటే π/2 కాబట్టి, ఐ అంటే e పవర్ ఐπ/2. ఇప్పుడు దాన్ని మళ్లీ ఐ ఘాతానికి ఎత్తితే, పైన ఉన్న ఘాతాన్ని ఐతో గుణించాలి. పైన ఒక ఐ ముందే ఉంది, ఇప్పుడు రెండోది వచ్చింది. రెండూ కలిసి మైనస్ ఒకటి అయిపోతాయి. మిగిలింది e పవర్ మైనస్ π/2. అందులో ఐ ఎక్కడా లేదు, అది మామూలు వాస్తవ సంఖ్య. రూపాయిలో ఇరవై పైసల కంటే కొంచెం ఎక్కువ.

"రెండు ఉత్తుత్తివి గల్సి ఒక అసలుది ఎట్లయింది మేడం?" అని ఆమె అడిగింది.

"ఒకటి తిప్పుతుంది, రెండోది ఆ తిప్పుడునే కుదించే పనిగా మార్చేస్తుంది" అన్నాను. ఆమె ఆ మాటను కాసేపు మనసులో ఆడించుకొని కూర్చుంది.

పరీక్ష వచ్చింది. పేపరు తయారు చేసింది పెద్దసారు. అంటే నాలుగు గైడ్లు ముందేసుకుని కత్తిరించి అతికించాడన్నమాట. అందులో ఐ పవర్ ఐ విలువెంత అన్న ప్రశ్న ఉంది. నాలుగు జవాబుల్లో e పవర్ మైనస్ π/2 కూడా ఉంది. ఆ అమ్మాయి దాన్ని గుర్తించింది. ఆయన రాసుకున్న జవాబుల కీలో మాత్రం సరైనది మైనస్ ఒకటి. మైనస్ ఒకటి పెట్టిన కుర్రాడికి ఆమె కంటే ఒక్క మార్కు ఎక్కువ వచ్చింది, స్పెషల్ బ్యాచి సీటు అతనికి పోయింది.

మర్నాడు నేను స్టాఫ్ రూములో ఆ పేపరు ఆయన ముందు పెట్టాను.

"ఐ పవర్ ఐ. ఐలు ఎన్నున్నయ్? రెండు. ఐ ఇంటు ఐ మైనస్ వన్. దీనికి గింత లొల్లేంది మేడం?" అన్నాడు పెద్దసారు, చాయ్ ఊదుకుంటూ.

"అట్లయితే మూడు పవర్ మూడు తొమ్మిదా సార్? అక్కడ గూడ మూడ్లు రెండే ఉన్నయ్ గద."

"అది వేరే. ఇది కాంప్లెక్సు."

ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్తున్న మనిషి ఈ మాట అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సుద్దముక్క తీసుకుని, టైంటేబులు రాసే చిన్న బోర్డు మీదే మొత్తం లెక్క చేసి చూపించాను. ఆయన చెప్పిన మైనస్ ఒకటి నిజంగానే ఉంది, కాకపోతే పైన ఘాతంలో ఉంది. ఆయన దాన్ని కింద దింపి జవాబుగా రాసుకున్నాడు. చూడగానే అర్థమైంది ఆయనకు, చెవులు ఎర్రబడ్డాయి. కానీ అర్థమైందని ఒప్పుకునే జాతి కాదు.

"తొంభై డిగ్రీలే ఎందుకు? ఇంకో చుట్టు దిప్పితే నాలుగు వందల యాభై అయితది. అదీ ఐయే గద" అన్నాడు.

ఆ ప్రశ్న వేసినందుకు ఒక్క క్షణం నాకు ఆయన మీద గౌరవం కలిగింది. "నిజమే సార్. చుట్టుకొక జవాబు వస్తది. ప్రధాన విలువ అడిగినప్పుడు తొంభైనే తీసుకుంటం" అన్నాను.

"అగో. అంటే జవాబులు బోలెడున్నయ్. అండ్ల మైనస్ వన్ గూడ ఉండొచ్చు."

గౌరవం అక్కడితో సరి. "ఎన్ని చుట్లు తిప్పినా వచ్చేది e మీద ఒక వాస్తవ సంఖ్య సార్. అది ఎన్నటికీ మైనస్ కాదు. బోలెడు జవాబుల్ల మీది ఒక్కటే లేదు" అన్నాను.

"రియల్ అనే గద నువ్వు అంటున్నది? నేనూ రియల్ అనే అంటున్న. మైనస్ వన్ రియల్ కాదా? ఇద్దరం ఒక్కటే చెప్తున్నం." ఇలా అని ఆయన చాయ్ తాగేశాడు.

ఈ గొడవ కరస్పాండెంటు దగ్గరికి పోయింది. ఆయన పొద్దున కాలేజీ నడిపి, మధ్యాహ్నం బైపాస్ పక్కన ప్లాట్లు అమ్మే మనిషి. రియల్ అన్న మాట వినగానే ఆయన ముఖం వెలిగింది, అది ఐ గురించని తెలియగానే ఆరిపోయింది. ఇద్దరి మాటా విన్నట్టు నటించి, తల పంకించి తీర్పు చెప్పాడు.

"కీ మార్చినమంటే పేరెంట్స్‌ల బద్నాం అయితం. ఒక పని జేయుండ్రి. అందరికీ ఒక్కొక్క మార్కు కలుపుండ్రి. ఎవ్వలకూ అన్యాయం గావద్దు."

"అందరికంటే, తప్పు జవాబుకు ముందే మార్కు వచ్చినోళ్లకు గూడనా సార్?"

"అందరికీ అంటే అందరికీనే."

పెద్దసారు గంభీరంగా తలూపాడు. ఆ అమ్మాయికి ఒకటి కలిసింది, ఆ కుర్రాడికీ ఒకటి కలిసింది, ఇద్దరి మధ్య ఆ ఒక్క మార్కు ఎప్పటిలాగే నిలబడి ఉంది. ఇది గ్రహించడానికి ఐ అక్కర్లేదు, రెండో తరగతి కూడికలు చాలు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, అందులో ఇద్దరికి అవి కూడా రావని ఆ రోజు తెలిసింది.

ఆ నెలలోనే పెద్దసారు ఎల్లారెడ్డి బ్రాంచికి వచ్చి, కష్టపడితే ఏదైనా సాధించవచ్చునని ఉపన్యాసమిచ్చాడు. చివర ఏమన్నా డౌట్లున్నాయా అన్నాడు. ఆమె లేచింది.

"సార్, ఐ పవర్ ఐ అంటే ఐని ఎన్నిసార్లు గుణించాలె సార్?"

"సిలబస్‌ల లేనివి అడగొద్దు" అన్నాడు ఆయన. సిలబస్‌లో లేని ఆ ప్రశ్నను పరీక్షలో పెట్టి, దాని మీద ఒక పిల్ల సీటు తేల్చిన మనిషి అన్నాడు ఆ మాట. ఆమె "సరే సార్" అని కూర్చుంది.

మిగిలిన నెలలు ఆమె గైడు చదివే సారు దగ్గరే ఫిజిక్స్ విన్నది. నేను కూడా సాయంత్రాలు కొంత చెప్పాను, కానీ నా ఫిజిక్స్ అంతంతమాత్రమే. చెప్తున్నప్పుడే తెలిసేది ఇది చాలదని. ఫలితాలొచ్చాయి. రెండు లెక్కల పేపర్లలోనూ డెబ్బై అయిదుకు డెబ్బై అయిదు. ఫిజిక్స్‌లో గట్టెక్కింది, అంతే. ఎంసెట్‌లోనూ ఫిజిక్సే ముంచింది, ర్యాంకు ఎక్కడికో పోయింది. ఆమె అనుకున్న ఇంజినీరింగు సీటు ఆ ర్యాంకుకు రాదు. డిగ్రీలో చేరింది.

ఆ వేసవిలో ఒకరోజు ఎల్లారెడ్డి బస్టాండులో దిగగానే ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. సగం మేర పెద్దసారు ముఖం, చేతులు కట్టుకుని దూరంగా చూస్తున్నాడు. మూలన కరస్పాండెంటు నమస్కారం పెడుతున్నాడు. నడుమ ఆ అమ్మాయి ఫోటో, హాల్ టికెట్ మీదిదే పెద్దది చేసి వేశారు. కింద ఎర్ర అక్షరాలు, లెక్కల్లో నూటికి నూరు, మా స్పెషల్ బ్యాచి ఆణిముత్యం అని. సిగ్గు అన్న పదార్థం మనుషుల్లో ఇంత పూర్తిగా అయిపోవచ్చునని నాకు అంతవరకు తెలియదు.

ఆ ఫ్లెక్సీ కిందనే ఆమె నిలబడి ఉంది, టీసీ తీసుకుపోవడానికి వచ్చిందట. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఇద్దరం తలెత్తి దాన్నే చూశాం. కోపం ఆపుకోలేక నేనే అడిగాను.

"ఎన్నిసార్లు పోయినవమ్మా నువ్వు, ఆ స్పెషల్ బ్యాచికి?"

"ఐ సార్లు మేడం" అంది.

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.