రూపాయికి పది

నేను చదివింది మూడో తరగతి. ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట ముప్పై ఒక్క ఏళ్లుగా టీ అమ్ముతున్నాను. దేవమ్మ టీ కోసం డ్రైవర్లు బస్సు ఆపుకుని వస్తారు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నదే చెబుతున్నాను.

రోడ్డు వెడల్పు చేస్తారట, బంకు తీయమన్నారు. పక్క వీధిలో జోసెఫ్ గది ఖాళీగా ఉంది. అడ్వాన్సుకు, కొత్త పొయ్యికి తొంభై ఐదు వేలు కావాలి. శుక్రవారం దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. అప్పు కావాలంటే రాబడి, ఖర్చుల కాగితం తెమ్మంది బ్యాంకు. నంద్యాలలో లెక్కలు రాసే ప్రభాకర్‌కు చీటీ నేనే రాసి పంపాను.

"పోయిన పన్నెండు నెలల అమ్మకం కూడి, పన్నెండుతో భాగించినాను. నెలకు 48,000. ఆదివారాలు మూత. ఖర్చు రూపాయికి 10. అందులో పాలకు 6, టీపొడి, చక్కెర, గ్యాసు, గ్లాసులకు 4."

మంగళవారం బ్యాంకు మేనేజరు ప్రభాకర్ రాసిచ్చిన కాగితం తిప్పి ఇచ్చాడు. "నెలకు నలభై మూడు వేలు మిగులుతాండాదా? పాలు ఊరికే పోస్తాండారా అవ్వా నీకు?"

మరునాడే నంద్యాల బస్సెక్కాను.

"ఏందప్పా ప్రభాకరూ, నన్ను దొంగను చేస్తివే?"

"నువ్వు రాసిందే గదవ్వా. పది శాతం."

"శాతమని యాడ రాసినా? పదణాలు!"

"అణాలని కూడా రాయలేదు గదా!"

"రూపాయికి అన్నాక అణాలు గాక ఏముంటాయి? నీళ్లు తడిగా ఉంటాయని చెప్పల్లా నీకు?"

ముప్పై ఏళ్ల వాడు, అణా మొహం చూసి ఎరగడు. నేనూ చేత పట్టింది తక్కువే. గడ్డిమోపులు అమ్మిన మా అమ్మ నాకు నేర్పిన లెక్క అది. రూపాయికి పదహారు అణాలని చెప్పాను. పాలవాడి చీటీలు బల్ల మీద పరిచాను. నెలకు సగటున పద్దెనిమిది వేలు. ఆరణాలకు సరిగ్గా అంతే.

ప్రభాకర్ మిషను నొక్కాడు. "నూటికి అరవై రెండున్నర ఖర్చు. ముప్పై వేలు. మిగిలేది పద్దెనిమిది. సరిపాయ గదవ్వా!"

"నేను చేసింది సరిపోక ఏమయితాది? బేగా కొత్త కాగితం కొట్టు."

గురువారం మేనేజరు స్వయంగా బంకు దగ్గరికి వచ్చాడు. కొత్త కాగితం, పాల చీటీలు పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇది నమ్మేట్టుంది. నెలకు నాలుగున్నర వేలు కంతు, రెండేండ్లు. కడతావా?"

"మిగిలే ఆరణాల్లో అణాన్నర మీది, నాలుగున్నర అణాలు నాది. కడతా."

అక్కడే సంతకం చేయించుకున్నాడు. వేలిముద్ర కోసం సిరా డబ్బా తీయబోతే, పెన్ను ఇమ్మన్నాను. శుక్రవారం పొద్దున డబ్బు పడింది. పదకొండు గంటలకు జోసెఫ్ చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాను.

ఆ గురువారం సంతకం అయ్యాక మేనేజరు టీ తాగి ఊరికే లేవబోయాడు. పది రూపాయలు అడిగి తీసుకున్నాను.