కెటిల్ అడుగున నంబరు

కరెంటు కెటిళ్లు తయారుచేసే ఆ కంపెనీలో ఫిర్యాదుల విభాగం మెట్ల కింద ఉంటుంది. ఫిర్యాదుకు అంతకు మించిన ఎత్తు అనవసరమని కట్టించినవారు తలచి ఉంటారు. అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఆవిడను అందరూ చప్పిడమ్మ అంటారు. ఆవిడ వాక్యాలలో ఉప్పూ కారమూ ఉండవని వారి అభియోగం.

ఆ ఉదయం నాణ్యతా విభాగం నుంచి కబురొచ్చింది. కె-7తో మొదలయ్యే బ్యాచ్‌లలో పిడిని పట్టి ఉంచే మర బలహీనమట. ఇద్దరికి చేతులు కాలాయట. ఆవిడ ప్రకటన రాసింది: "అడుగున నంబరు కె-7తో మొదలైతే ఆ కెటిల్ వాడకండి. పిడి ఊడి మరిగే నీళ్లు మీద పడవచ్చు. మిగతా బ్యాచ్‌లలో ఈ లోపం లేదు. నంబరు ఫొటో మాకు పంపితే మొత్తం డబ్బు వాపసు ఇస్తాం. బిల్లు అక్కర్లేదు."

మొహాన కొట్టినట్టుందని ప్రచారాధికారి నొచ్చుకున్నాడు. న్యాయ సలహాదారు సంతకం పడింది కనుక మాటలు మార్చలేక, అలంకరణకు పూనుకున్నాడు. కొత్త సరుకుకు వాడే రంగుల చట్రంలో, ఆవిరి కప్పుతో నవ్వే అమ్మాయి పక్కన, ఆ మాటలను చీమలంత చేసి ఇంటర్నెట్‌లోని కంపెనీ పేజీలో పెట్టాడు. చూడటమే చదవటమైన కాలమిది, ప్రశంసలు కురిశాయి. ఒకరు అభినందించారు. మరొకరు కె-7 ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగారు. వాపసు మాత్రం ఎవరూ అడగలేదు. దాన్ని ఆయన వినియోగదారుల విశ్వాసంగా పైవారికి నివేదించాడు.

మధ్యాహ్నం చప్పిడమ్మకు వదిన ఫోన్ చేసి, బొమ్మ భలే ఉందని మెచ్చుకుంది. చప్పిడమ్మ విషయం విడమరచి, మీ కెటిల్ నంబరెంతని అడిగింది.

"ఉండు, నీళ్లు మరుగుతున్నాయి. ఎత్తి చూసి చెప్తా."

"వద్దొదినా, ముట్టుకోకు. గోడ దగ్గర స్విచ్ ఆపి దూరంగా ఉండు. పూర్తిగా చల్లారాక, పిడి పట్టుకోకుండా రెండు చేతులతో ఒంపేసి, అప్పుడు చూద్దువుగాని."

"ఇదంతా నువ్వు రాసినదాంట్లో ఉందా?"

"లేదు. నాకే తట్టలేదు."

ప్రమాదాన్ని నిష్కర్షగా చెప్పిన ప్రకటనే, చదివినవారిని నేరుగా ఆ ప్రమాదం వైపు నడిపిస్తోంది. చదవనివారిని రంగులు కాపాడుతున్నాయనుకోవాలి కాబోలు.

ఆవిడ మెట్లెక్కి ప్రచారాధికారి గదికి వెళ్లింది. పెట్టినదాన్ని మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందన్నాడాయన.

"అవునండీ, ఒప్పుకుందాం. తప్పు నాదే."

"కంపెనీ పరువేం కాను?"

"పరువుకి బొబ్బలెక్కవు సార్."

తప్పు తనది కాదని తేలగానే ఆయన ఉదారుడయ్యాడు.

తెల్లని నేల మీద పెద్ద నల్లని అక్షరాలతో కొత్త ప్రకటన వెళ్లి, కంపెనీ పేజీలో అన్నిటికన్నా పైన నిలిచింది. మొదటి వాక్యాలు: "ముందు స్విచ్ ఆపండి. చల్లారి, ఖాళీ అయ్యాకే తిప్పి చూడండి. ఈ జాగ్రత్త మా మొదటి ప్రకటనలో లేదు." ఎవరూ ప్రశంసించలేదు. కొందరు తిట్టారు, అంటే చదివారన్నమాట.

సాయంత్రానికి ఎవరో తెలియని మనిషి నుంచి ఫొటో వచ్చింది: తువ్వాలు మీద బోర్లించిన పొడి కెటిల్, అడుగున కె-7. ఆవిడ వాపసుకు బ్యాంకు వివరాలు అడిగింది.